మెడ చూసి హారం, జరీ చూసి రాయి

పెళ్లిబట్టల్లో సగం ఇప్పుడు ఫొటోలోనే కొంటున్నాం. ఆన్‌లైన్ షాపులో మోడల్ వేసుకున్న లాంగ్ ఫ్రాకో, బొటిక్ వాళ్లు వాట్సాప్‌లో పంపిన అనార్కలీనో చూసి ఆర్డర్ పెట్టేస్తాం. అది ఇంటికొచ్చేసరికి ఫంక్షన్‌కి రెండు మూడు రోజులే మిగులుతాయి. నగల సంగతి అంతదాకా ఆగదు. లాకర్లోంచి తియ్యాలన్నా, అక్క దగ్గర అడిగి తెచ్చుకోవాలన్నా, వన్ గ్రామ్ గోల్డ్ సెట్టు ఆర్డర్ పెట్టాలన్నా ముందే తేల్చుకోవాలి. చేతిలో ఉన్న ఆధారం ఆ ఒక్క ఫొటో.

ఆ ఫొటోలో మన కళ్లు ముందు రంగు మీద పడతాయి. డ్రెస్ ఆకుపచ్చగా ఉంటే పచ్చల సెట్టు, ఎర్రగా ఉంటే కెంపుల సెట్టు అని అక్కడికక్కడే తీర్మానించేస్తాం. ఫంక్షన్ రోజు అద్దం ముందు నిలబడ్డాక లాకెట్ సరిగ్గా మెడ అంచు మీద ఊగుతుంటుంది, లేదా ఎంబ్రాయిడరీలో కలిసిపోయి హారం ఉన్నట్టే కనిపించదు. రంగు కుదిరినా నగ కుదరదు. అందుకే ఫొటోలో ముందు చూడాల్సింది డ్రెస్ మెడ. రంగు రెండోది. చెవులకేం పెట్టుకోవాలన్నది ఈ రెండూ తేలాక దానంతటదే తేలుతుంది.

ముందు ఖాళీని కొలవండి

గడ్డం కింద మొదలై డ్రెస్ అంచు దగ్గర ఆగే చోటు ఉంటుంది చూడండి, హారానికి ఇల్లు అదే. గొంతు అడుగున, రెండు కంటె ఎముకలూ కలిసే దగ్గర చిన్న గుంట ఉంటుంది. ఆ గొంతు గుంట నుంచి డ్రెస్ అంచు దాకా ఎంత ఖాళీ ఉందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఫొటోలోంచి ఈ లెక్క తియ్యడం కష్టమేమీ కాదు. ఆన్‌లైన్ షాపులు సైజు పట్టికలో భుజం కొలత ఇస్తాయి. బొటిక్ అయితే టైలర్‌ని అడిగితే చెబుతారు. ఫొటోని ఫోన్‌లో పెద్దది చేసి, స్కేలు పెట్టి, ఒక భుజం కుట్టు నుంచి రెండో భుజం కుట్టు దాకా ఎన్ని సెంటీమీటర్లుందో చూడండి. భుజం అసలు కొలత 14 అంగుళాలై, ఫొటోలో 8 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. అప్పుడు ఫొటోలో ఒక సెంటీమీటరు అంటే అసలులో ఒకటి ముప్పావు అంగుళం. ఇక గొంతు గుంట నుంచి అంచు దాకా ఉన్న దూరాన్ని అదే స్కేలుతో కొలిచి ఆ లెక్కన హెచ్చించుకోవడమే.

ఈ కొలత నమ్మాలంటే మోడల్ కెమెరాకి ఎదురుగా, నిటారుగా నిలబడ్డ ఫొటో కావాలి. పక్కకి తిరిగినా, ఫొటో కింద నుంచి పైకి తీసినా లెక్క తప్పుతుంది. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఫొటో కోసం చాలా డ్రెస్సులని మోడల్ వెనక క్లిప్పులు పెట్టి బిగిస్తారు. అదే డ్రెస్ మనం వేసుకుంటే మెడ ఒక అర అంగుళం అటో ఇటో కూర్చోవచ్చు. అందుకే కొన్నవాళ్లు రివ్యూల్లో పెట్టిన మామూలు ఫొటో ఒకటి దొరికితే దాన్ని కూడా పక్కన పెట్టుకుని చూడండి.

ఖాళీ తెలిశాక నియమం ఒక్కటే. హారం అడుగు భాగం డ్రెస్ అంచుకి కనీసం రెండు వేళ్లు పైన ఆగాలి, లేదంటే అంచు దాటి బాగా కిందికి, బట్ట మీదికి దిగాలి. రెండు వేళ్లంటే దాదాపు అంగుళంన్నర. అంచు మీదే ఆగిన లాకెట్ నడిచినప్పుడల్లా సగం చర్మం మీద, సగం బట్ట మీద దొర్లుతుంది. అంచున జరీ గానీ చమ్కీ గానీ ఉంటే దానికి చిక్కుకుంటుంది కూడా.

పొడవుల లెక్క

దుకాణాల్లో హారాల పొడవు అంగుళాల్లో చెబుతారు. 14 నుంచి 16 అంగుళాల వరకు చోకర్, 18 దగ్గర మామూలు నెక్లెస్, 20 నుంచి 24 వరకు గుండె మీదికి వచ్చేది, 28 దాటితే పొడవు హారం. అయితే 16 అంగుళాల హారం అందరి మెడలోనూ ఒకేచోట ఆగదు. మెడ చుట్టుకొలత 12 అంగుళాలున్న అమ్మాయికి అది కంటె ఎముకల కిందికి దిగుతుంది, 15 ఉన్నవాళ్లకి గొంతుకి హత్తుకుంటుంది. కాబట్టి మీ మెడకి ఒక దారం చుట్టి, అది సరిగ్గా గొంతు గుంట దగ్గర ఆగేటట్టు పట్టుకుని, ఆ దారాన్ని కొలుచుకోండి. మీ లెక్క మొదలయ్యేది ఆ అంకె దగ్గర. అక్కణ్నుంచి హారం రెండు అంగుళాలు పొడవు పెరిగితే ముందు భాగం ఇంచుమించు ఒక అంగుళం కిందికి దిగుతుంది. పెరిగిన పొడవు రెండు పక్కలకీ పంచుకుంటుంది గనక.

లాకెట్ ఎత్తుని, అంచున వేలాడే ముత్యాలని ఈ లెక్కలో కలపడం చాలామంది మరిచిపోతారు. మన గుట్టపూసల నగల్లో ఇది మరీ ముఖ్యం. గుట్టపూసలంటే హారం అంచున గుత్తులుగా వేలాడే సన్నటి ముత్యాలు. అవి ఒక్క అర అంగుళమే ఉన్నా రెండు వేళ్ల ఖాళీలో మూడో వంతుని తినేస్తాయి.

మన సంప్రదాయ నగల్లో ఒక సౌకర్యం ఉంది. చాలా హారాలకి వెనకాల గొలుసు బదులు జరీతాడు ఉంటుంది, జారుముడిని జరిపితే హారం పైకీ కిందికీ కదులుతుంది. ఒకే హారం నాలుగు రకాల మెడలకి సరిపోయేది ఆ తాడు వల్లే. వెనక కొక్కెం ఒకేచోట బిగించి ఉన్న సెట్టు కొనేటప్పుడు మాత్రం పొడవు కచ్చితంగా అడిగి తెలుసుకోవాలి.

ఏ మెడకి ఏది

వి మెడ అయితే చూపు దానంతటదే కిందికి, కోసు దగ్గరికి జారుతుంది. అక్కడ గుండ్రటి హారం పెడితే రెండు గీతలూ కొట్టుకుంటాయి. సన్నటి గొలుసుకి లాకెట్ వేసుకుంటే దాని బరువుకి గొలుసు కూడా వి ఆకారంలోకే వస్తుంది. ఆ లాకెట్ కోసుకి రెండు వేళ్లు పైన ఉంటే చాలు. వి లోతు అయిదారు అంగుళాలు ఉంటే గొంతుకి దగ్గరగా చోకర్ కూడా నప్పుతుంది, ఎందుకంటే మధ్యలో ఖాళీ ధారాళంగా మిగులుతుంది.

గుండ్రటి మెడకి, టైలర్లు పాట్ నెక్ అనే కుండ ఆకారపు మెడకి గుండ్రటి నగలే బాగుంటాయి. కంటె అందుకే మన జాకెట్ల మీద అంత అందంగా కూర్చుంటుంది. అది వంగని, గట్టి నగ. దాని వంపు మెడ వంపుతో సమానంగా సాగుతుంది. లోతు తక్కువ ఉన్న గుండ్రటి మెడ అయితే, అంటే గొంతు గుంట నుంచి అంచుకి రెండు అంగుళాలే ఉంటే, చర్మం మీద హారానికి చోటు లేనట్టే. అక్కడ మెడకి హత్తుకునే సన్నటి చోకర్ ఒకటి, లేకపోతే బట్ట మీదికి దిగే పొడవు హారం ఒకటి. మధ్యరకం ఏదీ పనికిరాదు.

బోట్ నెక్, హై నెక్, కాలర్ మెడ అయితే ఖాళీయే ఉండదు. బట్ట ముందు భాగం సాదాగా ఉంటే 28 అంగుళాలు దాటిన హారం, కాసులపేరో, ముత్యాల వరసలో వేసుకోవచ్చు. ముందంతా మగ్గం వర్క్ ఉంటే మెడలో ఏమీ వద్దు. ఆ వర్కే హారం. బోసి మెడతో పెళ్లికి వెళ్లడం బాగోదని పెద్దవాళ్లు అంటారు. కానీ అరచెయ్యంత మగ్గం వర్క్ మీద హారం వేస్తే ఆ వర్కూ కనిపించదు, ఈ హారమూ కనిపించదు. నల్లపూసలు తీయనివాళ్లు సన్నటి పొట్టి నల్లపూసలు వేసుకుంటే చాలు, అవి కాలర్ లోపల ఇమిడిపోతాయి.

చతురస్రపు మెడ, స్వీట్‌హార్ట్ మెడ హారానికి బాగా చోటిస్తాయి. చతురస్రంలో అడుగు గీత అడ్డంగా, నిటారుగా ఉంటుంది. కాబట్టి పలకలుగా పేర్చిన చోకర్, మధ్యలో ఒక లాకెట్ ఉన్న పొట్టి హారం దానికి కుదురుతాయి. స్వీట్‌హార్ట్ మెడలో అంచు రెండు వంపులుగా వచ్చి మధ్యలో చిన్న కోసుగా లోపలికి దిగుతుంది. లాకెట్ ఆ కోసుకి సరిగ్గా పైన పడేటట్టు చూసుకోవాలి. అది ఒక్క పావు అంగుళం పక్కకి జరిగినా వంకరగా కనిపిస్తుంది, కాబట్టి పక్కకి జారని కాస్త బరువైన నగే మేలు.

ఫొటోలో ఉన్నది చీర అయితే ఇంకో సంగతి చూడాలి. పైట కుచ్చిళ్లు ఎడమ భుజం మీదుగా వెళ్తాయి గనక పొడవు హారం సగం వాటి కింద దాగుతుంది. లాకెట్ పైట అంచుకి కుడివైపు బయట పడే పొడవైతేనే ఆ హారానికి అర్థం.

ఫొటోలో రంగు ఎంతవరకు నిజం?

మెడ తేలాక రంగు దగ్గరికి వద్దాం. ఫొటోలో కనిపించే రంగు అసలు రంగు కాకపోవచ్చు. పసుపు బల్బుల కింద తీసిన ఫొటోలో నీలం కాస్త ఆకుపచ్చ వైపుకి, గులాబీ నారింజ వైపుకి జరుగుతాయి. ముదురు రంగుల్ని ఫోన్ కెమెరా తనంతట తానే కాస్త తేట చేస్తుంది. అందుకే వైన్ రంగు మెరూన్‌లాగా, నేవీ బ్లూ మామూలు నీలంలాగా కనిపిస్తాయి. నెమలికంఠం రంగు, ఊదా రంగు మరీ ఎక్కువ మోసం చేస్తాయి.

దీనికో మంచి పరీక్ష ఉంది. ఫొటోలో తెల్లగా ఉండాల్సింది ఏదైనా వెతకండి. గోడ, ధర చీటీ, హ్యాంగర్, మోడల్ పళ్లు, ఏదైనా సరే. ఆ తెలుపు పసుపుగా కనిపిస్తే డ్రెస్ రంగులోనూ లేని పసుపు కలిసినట్టే. అసలు రంగు దానికంటే చల్లగా, నీలం వైపుకి ఉంటుంది. తెలుపు నీలంగా కనిపిస్తే దీనికి తిరగేసి అనుకోవాలి. ఫొటో చూసేటప్పుడు మీ ఫోన్‌లో కళ్లకి హాయి కోసం పెట్టుకున్న పసుపు తెర ఆపేసి ఉందో లేదో కూడా చూసుకోండి. వీలైతే బొటిక్ వాళ్లని పగటిపూట కిటికీ పక్కన, ఎండ నేరుగా పడకుండా, ఫ్లాష్ లేకుండా ఒక్క ఫొటో తీసి పంపమని అడగండి. ఫ్లాష్ పడితే బంగారు జరీ కూడా వెండిలా తెల్లగా మెరుస్తుంది. అది చూసి తెల్లరాళ్ల సెట్టు కొన్నవాళ్లు తర్వాత చాలా బాధపడతారు.

నగలోని లోహం ఏ రంగులో ఉండాలో ఆ జరీయే చెబుతుంది. పసుపు జరీకి పసుపు బంగారం. ముదురు, కాస్త ఎర్రటి యాంటిక్ జరీకి నక్షీ పని ఉన్న, మెరుపు తక్కువ నగలు. వెండి జరీకి వెండి గానీ, తెల్లరాళ్ల సెట్టు గానీ. తళతళలాడే కొత్త పాలిష్ పెట్టిన నగని యాంటిక్ జరీ పక్కన పెడితే ఎంత ఖరీదైనదైనా గిల్టులా కనిపిస్తుంది. డ్రెస్‌లో జరీ లేకపోతే గుండీలు, నడుము పట్టీ, దుపట్టా అంచు చూడండి.

రాళ్ల రంగుకి మూడు దారులున్నాయి. మొదటిది ఎదురు రంగు. ఎరుపుకి ఆకుపచ్చ, నీలానికి నారింజ, పసుపుకి ఊదా. మన నేతగాళ్లకి ఇది ఎప్పట్నుంచో తెలుసు. గద్వాల చీరల్లో ఒంటి రంగుకి భిన్నమైన అంచుని విడిగా నేసి కలపడం అందుకే అంత నిండుగా ఉంటుంది. రెండోది ఏ రంగూ లేని దారి, అంటే ముత్యాలు, సాదా బంగారం, తెల్లరాళ్లు. అసలు రంగు ఏమిటో ఫొటోలో తేలకపోతే ఈ దారిలో వెళ్తే నష్టపోరు. మూడోది అదే రంగు. అందరూ ముందు ఎంచుకునేది ఇదే, కానీ ఎక్కువసార్లు తప్పేదీ ఇదే. ఎరుపు మీద ఎరుపు పెట్టాలంటే రెండు ఎరుపులూ ఒకే జాతివి కావాలి. కెంపులో కాస్త గులాబీ ఉంటుంది. నారింజ కలిసిన ఎర్రటి డ్రెస్ మీద కెంపు మురిగ్గా కనిపిస్తుంది. పగడం ఆ డ్రెస్‌కి చక్కగా సరిపోతుంది. ఫొటోని నమ్మి అదే రంగు రాయి కొనడం వీటన్నిటిలోకీ ప్రమాదం.

ముత్యాల్లో కూడా రంగులుంటాయి. పాలలాంటి తెలుపు, మీగడ రంగు, లేత గులాబీ. హైదరాబాద్ పత్తర్‌గట్టీ దుకాణాల్లో రెండు వరసలు పక్కపక్కన పెట్టి చూపిస్తే తేడా వెంటనే తెలుస్తుంది. తళుక్కుమనే తెల్ల డ్రెస్ మీద మీగడ రంగు ముత్యాలు పాతబడి పసుపెక్కినట్టు కనిపిస్తాయి. అవే ముత్యాలు గంధం రంగు మీద, ముదురు ఆకుపచ్చ మీద వెలుగుతాయి.

చెవుల సంగతి

మెడలో ఎంత ఉంది అన్నదాన్ని బట్టి చెవులకి ఎంత పెట్టాలో తేలుతుంది. మెడ బోసిగా ఉన్నా, పొడవు హారం కిందికి దిగినా ముఖం పక్కన చోటు ఖాళీగా ఉంటుంది. బుట్టలు, చాంద్‌బాలీలు అక్కడ నిండుగా కనిపిస్తాయి. గొంతుకి హత్తుకునే వెడల్పాటి చోకర్ వేస్తే చెవికి రాళ్ల దిద్దులు చాలు. పెద్ద బుట్టలు దిగి చోకర్ పై అంచుని తాకితే ఆ రెండూ కలిసిపోయి మెడే లేనట్టు కనిపిస్తుంది.

చెవి తమ్మె నుంచి భుజం దాకా ఎంత ఉందో ఒకసారి స్కేలుతో చూసుకోండి. జుంకా అందులో సగానికి మించి దిగకపోతే తల తిప్పినా ఇబ్బంది ఉండదు. మెడ పొట్టిగా ఉన్నవాళ్లకి వేలాడే బుట్టలకన్నా చెవికి అంటిపెట్టుకునే వెడల్పాటి దిద్దులు బాగుంటాయి. హై నెక్ మీద వర్క్ ఉంటే పొడవు జుంకాల చివరి ముత్యాలు ఆ దారాలకి తగులుకుంటాయి, కాబట్టి అడుగు గుండ్రంగా, నున్నగా ఉన్నవి ఎంచుకోండి. బుట్టలు బరువైతే తమ్మె సాగుతుంది, జుంకా ముందుకి వాలిపోయి దాని అడుగు భాగం కనిపిస్తుంది. చెంపస్వరాలు పుట్టింది ఈ బరువు కోసమే. వాటిని చెవి మీదుగా జుట్టులోకి తగిలిస్తే బరువులో కొంత జుట్టు మోస్తుంది. జుట్టు వదిలేసుకుని వెళ్తుంటే చెవులకి పెట్టిందంతా దాని వెనకే ఉండిపోతుందన్నది కూడా లెక్కలో వేసుకోండి.

హారానికీ చెవులకీ ఒకే సెట్టు కానవసరం లేదు. లోహం ఒకటైతే, రాళ్లలో ఒక్క రంగు కలిస్తే చాలు.

ఒక ఫొటో, మూడు హారాలు

ఇప్పుడు ఒక ఫొటోని మొదట్నుంచి చివరిదాకా చూద్దాం. మా అక్క కూతురు రిసెప్షన్‌కి వేసుకోవడానికి ఒక లాంగ్ ఫ్రాక్ ఆర్డర్ పెట్టి, ఫొటో పంపి, "పిన్నీ, అమ్మ కెంపుల సెట్టు వేసుకోమంటోంది, సరిపోతుందా?" అని అడిగింది. ఫొటోలో రాసిల్కు ఫ్రాక్, చతురస్రపు మెడ, అంచు చుట్టూ అర అంగుళం జరీ, ముంజేతి దాకా చేతులు. పేజీలో రంగు మెరూన్ అని రాసి ఉంది.

ముందు మెడ. భుజం 14 అంగుళాలు, ఫొటోలో 8 సెంటీమీటర్లు. గొంతు గుంట నుంచి అంచుకి 2.3 సెంటీమీటర్లు వచ్చింది, అంటే నాలుగు అంగుళాలు. అందులో రెండు వేళ్ల ఖాళీ తీసేస్తే హారం, లాకెట్ కలిపి గొంతు గుంట కింద రెండున్నర అంగుళాలకి మించి దిగకూడదు. తన మెడకి దారం చుట్టించి కొలిపిస్తే గొంతు గుంట దగ్గర 14.5 అంగుళాలు వచ్చింది.

తర్వాత రంగు. మోడల్ వెనక ఉన్న తెల్ల గోడ ఫొటోలో మీగడ రంగులో ఉంది. అంటే పసుపు వెలుతురు కలిసింది. అసలు బట్ట మెరూన్ కంటే చల్లగా, వైన్ వైపుకి ఉంటుందని అనుకున్నాం. రివ్యూలో ఒకావిడ పగటి వెలుతురులో పెట్టిన ఫొటో చూస్తే అదే నిజమైంది. జరీ దగ్గరగా చూస్తే ముదురు, యాంటిక్.

పెట్టెలో మూడు హారాలున్నాయి. అమ్మ కాసులపేరు 30 అంగుళాలు. పొడవు బట్ట మీదికి బాగానే దిగుతుంది గానీ, ఆ ఫ్రాక్‌కి నడుము పైన రెండో జరీ పట్టీ ఉంది. కాసులు సరిగ్గా దాని మీద పడతాయి. దాన్ని పక్కన పెట్టాం. రెండోది కెంపుల చోకర్. కొలత కుదిరింది, చతురస్రపు మెడలో చక్కగా కూర్చుంటుంది. కానీ వైన్ రంగు పక్కన కెంపు ఎరుపు మసకబారుతుంది, పైగా దాని పాలిష్ కొత్తది, జరీ యాంటిక్. మూడోది ముత్యాల హారం, మధ్యలో పచ్చరాయి పొదిగిన నక్షీ లాకెట్, వెనక జరీతాడు. ఎరుపు జాతికి పచ్చ ఎదురు రంగు, ముత్యాలు ముదురు బట్ట పక్కన వెలుగుతాయి, నక్షీ పని జరీకి సరిపోతుంది. అన్నీ కుదిరాయి, ఒక్క పొడవు తప్ప. హారం 20 అంగుళాలు, లాకెట్ ఎత్తు అంగుళంన్నర. 14.5 కంటే 5.5 ఎక్కువ గనక హారం గొంతు గుంట కింద 2.75 అంగుళాలు దిగుతుంది, లాకెట్‌తో కలిపి 4.25. అంటే సరిగ్గా జరీ అంచు మీద. తాడు ముడిని మూడున్నర అంగుళాలు లోపలికి జరిపితే హారం 16.5 అవుతుంది. అప్పుడది అంగుళం దిగుతుంది, లాకెట్‌తో రెండున్నర. మిగిలిన ఖాళీ రెండు వేళ్లు.

చెవులకి పెద్ద బుట్టలు, ముత్యాల చాంద్‌బాలీలు రెండూ ఉన్నాయి. హారం సన్నంగా, గొంతుకి కిందగా ఉంది కాబట్టి ముఖం పక్కన చోటుంది. కొప్పు పెట్టుకుంటానంది. చాంద్‌బాలీలు ఖాయం చేశాం. వాటిలో పచ్చరాయి లేదు, ముత్యాలున్నాయి. ఆ ఒక్క పోలిక చాలు.

బట్ట చేతికొచ్చాక

ఫొటో లెక్క ఎంత జాగ్రత్తగా చేసినా అది అంచనానే. డ్రెస్ రాగానే వేసుకుని, గోరువెచ్చని లైట్ల కింద ఒకసారి, పగటి వెలుతురులో ఒకసారి అద్దంలో చూసుకోండి. ఫంక్షన్ హాళ్లలో రాత్రిపూట ఎక్కువగా ఉండేది పసుపు వెలుతురే. పగలు విడిగా కనిపించిన నీలం రాయి అక్కడ నల్లగా కనిపించవచ్చు.

హారం లాకర్లో ఉండి ఇంకా చేతికి రాకపోతే అదే పొడవు దారం తీసుకోండి. లాకెట్ ఎత్తున కాగితం ముక్క కత్తిరించి దానికి గుచ్చి మెడలో వేసుకోండి. నిలబడి, కూర్చుని, అక్షింతలు వేయడానికి వంగినట్టు ముందుకి వంగి చూడండి. వంగినప్పుడు కాగితం అంచు దాటి బయటికి వేలాడితే తాడు ఇంకా బిగించాలి. నిలబడినప్పుడు బాగుండి, కూర్చోగానే మెడ అంచు పైకొచ్చి లాకెట్‌ని తాకితే డ్రెస్ నడుము దగ్గర బిగుతుగా ఉందని అర్థం. ఆ లోపం నగది కాదు, టైలర్ సరిచేయాలి. ఫోన్‌లో ఫొటో మీద గీతలు గీసే పెన్ను ఉంటుంది. దానితో డ్రెస్ ఫొటో మీద హారం గీసి చూసినా ఆకారం కుదిరిందో లేదో తెలిసిపోతుంది.

ఇన్ని చెప్పాక ఒక్క పని మాత్రం ఈ వారంలోనే చేయమని కోరుతున్నాను. మీ నగల పెట్టె తెరిచి ప్రతి హారాన్నీ టేపుతో కొలవండి. పొడవు, లాకెట్ ఎత్తు, వెనక తాడు ఉందా కొక్కెమా, పాలిష్ ఎలాంటిది అన్నవి ఒక చీటీ మీద రాసి దానితో పాటే పెట్టండి. మీ మెడ దారం కొలత పెట్టె మూత లోపల రాసుకోండి. వన్ గ్రామ్ సెట్లకీ, మచిలీపట్నం చిలకలపూడి గిల్టు నగలకీ ఇదే చేయండి. ఇకపై ఏ డ్రెస్ ఫొటో వచ్చినా ముందు మెడ కొలిచి, జరీ చూసి, చీటీలు తిరగేస్తే చాలు. కొత్త సెట్టు కొనాల్సిన అవసరం చాలాసార్లు రాదు, ఎందుకంటే సరిపోయే హారం ఇంట్లోనే ఉంటుంది, పొడవు తెలియకే దాన్ని పక్కన పెడుతుంటాం.